లైకులు తగ్గి సేవ్‌లు పెరిగితే పేజీ ఎదుగుతున్నట్టా, పడిపోతున్నట్టా?

వసంత (వంటల పేజీ)
మూడేళ్లుగా ఇన్‌స్టాగ్రామ్‌లో వంటల రీల్స్ పెడుతున్నాను. ఈ మధ్య లైకుల శాతం పడిపోతోంది. సేవ్‌లు, షేర్‌లు పెరిగితే చాలని కొందరు, లైకులు లేకపోతే పేజీ చచ్చినట్టేనని కొందరు అంటున్నారు. నా మూడు రీల్స్ లెక్కలు ఇస్తున్నాను. ఏది చూడాలో చెప్పండి.

ఉలవచారు, 48 సెకన్లు: రీచ్, అంటే చేరిన మనుషులు, 9,000. లైకులు 630, సేవ్‌లు 45, షేర్‌లు 27. సగటున చూసింది 11 సెకన్లు.
నిల్వ గోంగూర పచ్చడి కొలతలు, 22 సెకన్లు: రీచ్ 60,000. లైకులు 1,200, సేవ్‌లు 2,400, షేర్‌లు 1,500. సగటు 16 సెకన్లు.
నెల రోజుల టిఫిన్ల పట్టిక, 15 సెకన్లు: రీచ్ 8,000. లైకులు 160, సేవ్‌లు 480, షేర్‌లు 24. సగటు 5 సెకన్లు.

శ్రీధర్ (డిజిటల్ ప్రచారం)
లైకుల కాలం అయిపోయింది వసంత గారూ. వేలు తగిలితే పడేది లైకు. మళ్లీ కావాలి అనుకున్నవాళ్లే సేవ్ చేస్తారు. మీ గోంగూర రీల్‌లో లైకులకన్నా సేవ్‌లు రెట్టింపు ఉన్నాయి, అందుకే 60,000 మందికి వెళ్లింది. నా దగ్గరున్న దుకాణాల పేజీలన్నిటికీ ఇదే చెబుతాను: ప్రతి రీల్ చివర "సేవ్ చేసుకోండి" అని పెట్టండి, రీచ్ దానంతట అదే వస్తుంది.

రవి_ఖమ్మం
సేవ్ చేసినవాళ్లు మళ్లీ తెరిచి చూస్తారా అన్నది నా అనుమానం. నా ఫోనులో వందలున్నాయి, ఒక్కటీ తెరవలేదు.

కొలమానం
శ్రీధర్ గారి సూత్రాన్ని వసంత గారి మూడో రీల్ దగ్గర పెట్టి చూడండి. గోంగూరకు నూరు మందిలో నలుగురు సేవ్ చేశారు. టిఫిన్ల పట్టికకు నూరుకు ఆరుగురు. సేవ్ వల్లే రీచ్ వచ్చేటట్టయితే పట్టిక ముందుండాలి. అది 8,000 దగ్గర ఆగిపోయింది.

ఈ రెండింటిలో లైకుల శాతం సమానం, నూటికి రెండు. కాబట్టి లైకులతో తేడా తెలియదు. తేడా రెండుచోట్ల ఉంది. గోంగూరను నూటికి రెండున్నర మంది ఇంకొకరికి పంపారు, పట్టికను వెయ్యికి ముగ్గురు. గోంగూరను 22 సెకన్లలో సగటున 16 చూశారు, పట్టికను 15లో 5. అంటే పట్టిక కనబడగానే, ఇది తర్వాత చదువుకోవచ్చులే అని సేవ్ నొక్కి ముందుకు వెళ్లిపోయారు. సేవ్ వాళ్ల అవసరాన్ని చెప్పింది. ఆ క్షణంలో వాళ్లు అక్కడ ఆగలేదని వాచ్ టైమ్ చెప్పింది.

ఇన్‌స్టాగ్రామ్ అధిపతి ఆడమ్ మోసెరి 2025 జనవరిలో చెప్పిన మాట కూడా ఇటే చూపిస్తుంది. ముఖ్యమైన మూడు సంకేతాలుగా ఆయన చెప్పినవి వాచ్ టైమ్, రీచ్‌లో లైకుల శాతం, రీచ్‌లో ఇతరులకు పంపినవారి శాతం. మనల్ని ఇప్పటికే అనుసరిస్తున్నవారికి చేరడంలో లైకుల పాత్ర కొంచెం ఎక్కువ, కొత్తవారికి చేరడంలో పంపడం పాత్ర కొంచెం ఎక్కువ అన్నారు. ఆ మూడింటిలో సేవ్ లేదు.

శ్రీధర్ (డిజిటల్ ప్రచారం)
లేదు అంటే ఎలా? మనం అనుసరించని పేజీల పోస్టులు చూపించే ఎక్స్‌ప్లోర్ గురించి ఇన్‌స్టాగ్రామ్ స్వయంగా రాసిన వివరణలో లైకులు, సేవ్‌లు, షేర్‌లు అని మూడూ ఉన్నాయి. సగం చదివి సగం వదిలేస్తే చర్చ అనరు.

కొలమానం
ఎక్స్‌ప్లోర్‌లో ఉంది, మీ మాట నిజం. కానీ వసంత గారు అడిగింది రీల్స్ గురించి. 2023 వివరణలో రీల్స్ దగ్గర చెప్పినవి వేరు: ఇతరులకు పంపుతారా, చివరిదాకా చూస్తారా, లైకు కొడతారా, ఆ ఆడియో పేజీకి వెళ్తారా. ఇంకో సంగతి. హోమ్ ఫీడ్‌కు సంబంధించి 2021లో రాసినప్పుడు ఐదు చర్యల్లో సేవ్ ఒకటి. 2023లో అదే వాక్యంలో సేవ్ స్థానంలో షేర్ వచ్చింది. సేవ్‌కు విలువే లేదని నేను అనడం లేదు. అన్నిచోట్లా అదే రాజు అన్నదానికి ఆధారం లేదంటున్నాను.

భౌతికశాస్త్రం మాస్టారు
నేను యూట్యూబ్‌లో ఇంటర్ పాఠాలు చెబుతాను. 2012లోనే యూట్యూబ్ వ్యూలను పక్కన పెట్టి వాచ్ టైమ్‌ను పట్టుకుంది. ఎందుకంటే ఆకర్షించే బొమ్మ పెట్టి లోపల ఏమీ లేని వీడియోలకు వ్యూలు కుప్పలుగా వచ్చేవి. కాబట్టి వసంత గారు రీల్స్ మానేసి నలభై నిమిషాల వీడియోలు చేయాలి. ఎక్కువ నిడివి, ఎక్కువ వాచ్ టైమ్.

కొలమానం
మాస్టారూ, 2012 సంగతి సరైనదే. కానీ యూట్యూబ్ అక్కడే ఆగలేదు. చూసిన సమయం ఒక్కటే చాలదని తర్వాత ప్రేక్షకులను నేరుగా అడగడం మొదలుపెట్టింది. ఈ వీడియోకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారు అని మధ్యలో కనిపించే ప్రశ్న అదే. నాలుగో ఐదో ఇచ్చినప్పుడే ఆ సమయాన్ని విలువైనదిగా లెక్కిస్తుంది. గంటసేపు చూసి, ఎందుకు చూశానా అని బాధపడేవాళ్లు కూడా ఉంటారు కదా. పైగా నిడివి పెంచితే నిమిషాలు పెరిగినా చూసిన శాతం పడిపోతుంది. రెండు వేర్వేరు నిడివుల వీడియోలను సెకన్లతో పోల్చినా, శాతంతో పోల్చినా మోసపోతాం. వసంత గారి ఉలవచారు సగటు 11 సెకన్లు, పట్టిక సగటు 5. సెకన్లు చూస్తే ఉలవచారు రెట్టింపు. శాతం చూస్తే పట్టికే మేలు. అందుకే ఒకే నిడివి ఉన్నవాటిని పక్కపక్కన పెట్టుకోవాలి.

భౌతికశాస్త్రం మాస్టారు
మా పిల్లలు పరీక్ష ముందు రోజు రాత్రి నా వీడియోను మూడుసార్లు చూస్తారు, ఒక్కరూ లైకు కొట్టరు. అది మీ సంకేతాల్లో ఎక్కడ పడుతుంది?

కొలమానం
వాచ్ టైమ్‌లో పడుతుంది, దాని బలమే అది. రీల్ నూరు మందికి చేరితే లైకు కొట్టేది ఇద్దరు ముగ్గురు, పంపేది ఒకరో ఇద్దరో. మిగిలిన తొంభై ఐదుగురి మనసులో ఏముందో ఆ రెండు బొత్తాలూ చెప్పవు. చూసిన సమయం మాత్రం నూరు మంది నుంచీ వస్తుంది. ఏమీ నొక్కకుండా వెళ్లినవాడూ తన సమాధానం ఇచ్చే వెళ్తాడు. రీల్ ఇంకా కొద్దిమందికే చేరినప్పుడు, నాలుగైదు షేర్‌లను బట్టి ఏదీ తేల్చలేని దశలో, ఈ సంకేతమే ముందుగా పనికొస్తుంది.

కర్నూలు కిరణ్
ట్వీట్లను ఎవరికి ఏ వరుసలో చూపాలో తేల్చే తన సూత్రాన్ని ట్విట్టర్ 2023లో బయటపెట్టింది. లైకుకు 0.5, రీట్వీట్‌కు 1, రిప్లైకి 13.5. ఒక రిప్లై 27 లైకులకు సమానం. లైకు విలువ ఏమిటో ఇంతకన్నా స్పష్టంగా ఎవరు చెప్తారు?

శ్రీధర్ (డిజిటల్ ప్రచారం)
కిరణ్ గారు నా మాటే చెప్పారు. లైకు చవక.

కొలమానం
ఆ అంకెలు నిజమే, వాటిని చదివే తీరు వేరు. ఆ 13.5ను గుణించేది వచ్చిన రిప్లైల సంఖ్యతో కాదు. ఈ ట్వీట్ చూస్తే ఈ మనిషి రిప్లై ఇచ్చే అవకాశం ఎంత అని యంత్రం వేసుకున్న అంచనాతో. ఒకరు లైకు కొట్టే అవకాశం నూటికి 4 అనుకోండి. 0.04ను 0.5తో గుణిస్తే 0.02. అదే మనిషి రిప్లై రాసే అవకాశం వెయ్యికి 1 అనుకోండి. 0.001ను 13.5తో గుణిస్తే 0.0135. చివరి మొత్తంలో లైకు వాటానే పెద్దది. అరుదైన చర్యకు పెద్ద అంకె వేస్తే తప్ప దాని మాట లెక్కలో వినబడదు. అందుకే ఆ 13.5.

ఇన్‌స్టాగ్రామ్ తన అంకెలను బయటపెట్టలేదు. కానీ అదీ చేసేది అంచనాలే. మీ రీల్‌కు వచ్చిన సేవ్‌లను లెక్కపెట్టి మార్కులు వేసి, ఆ మార్కులతో అందరికీ పంచదు. ఎదురుగా ఉన్న ఒక్క మనిషి ఏం చేస్తాడో అడుగుతుంది. ఎప్పుడూ ఏదీ ఎవరికీ పంపని మనిషి ముందు మీ 1,500 షేర్‌ల బరువు వేరు, రోజూ చెల్లెలికి పది రీల్స్ పంపే మనిషి ముందు వేరు.

రవి_ఖమ్మం
మా అత్తగారు రీల్‌ను డౌన్‌లోడ్ చేసి వాట్సాప్ కుటుంబ గ్రూపులో పెడతారు. అదీ షేరేనా?

కొలమానం
ఫైలుగా దింపి వాట్సాప్‌లో పెట్టాక అక్కడ ఎంతమంది చూశారో ఇన్‌స్టాగ్రామ్‌కు కనబడదు. మన ఇళ్లలో వంటలు ఎక్కువగా తిరిగేది అలాగే. కాబట్టి తెలుగు వంటల పేజీలకు ఇన్‌స్టాగ్రామ్ లెక్కలు చూపే ఇన్‌సైట్స్‌లో కనిపించే షేర్‌లు అసలు జరిగిన పంపకాలకన్నా తక్కువే.

చేనేత పద్మ
ఇంత లెక్క నాకు రాదు గానీ నా అనుభవం వినండి. మాది చీరల వ్యాపారం. రెండేళ్ల క్రితం ఒక ఏజెన్సీ వాళ్లు నెలనెలా లైకుల పట్టిక చూపించి డబ్బు తీసుకున్నారు. ఆర్డర్లు పెరగలేదు. నిలదీస్తే, లైకులు కాదు సేవ్‌లు చూడండి, సేవ్‌లు పెరుగుతున్నాయి అన్నారు. నిజంగానే పెరిగాయి. ఒక గద్వాల చీర రీల్‌కు ఎప్పుడూ రానన్ని సేవ్‌లు వచ్చాయి. చీర ఒక్కటీ కదలలేదు. మెసేజ్‌లు తెరిచి చూస్తే అందరూ అడిగింది మోడల్ వేసుకున్న జాకెట్టు వెనక మెడ గురించి. దర్జీకి చూపించడానికి సేవ్ చేసుకున్నారు. నా చీర వాళ్ల కంటికే ఆనలేదు.

శ్రీధర్ (డిజిటల్ ప్రచారం)
పద్మ గారూ, ఆ ఏజెన్సీ చేసిన పనికి సేవ్‌లను తప్పుపట్టకండి. సేవ్‌లు వచ్చాయంటే రీల్ పనిచేసింది. అమ్ముకోవడం మీ పని. ధర రాయకుండా, ఎలా కొనాలో చెప్పకుండా ఆర్డర్లు రావాలంటే ఎలా?

చేనేత పద్మ
ధర రాశాను. ఎలా కొనాలో చెప్పాను. మీ మాట వింటే ఆ ఏజెన్సీ అబ్బాయి గొంతే వినిపిస్తోంది. మొదట లైకులు, అవి పడిపోతే సేవ్‌లు, రేపు అవీ పడిపోతే ఇంకోటి. ఏ అంకె పెరుగుతుంటే దాన్నే బిల్లులో రాస్తారు. నేను మగ్గాలకు కూలి ఇవ్వాలి శ్రీధర్ గారూ, సేవ్‌లు ఇవ్వలేను.

శ్రీధర్ (డిజిటల్ ప్రచారం)
ఇది నా వృత్తి మీద చేసిన ఆరోపణ. నేను ఎవరినీ మోసం చేయలేదు. ఈ కొలమానం గారు పేరు కూడా చెప్పరు, ఒక్క పేజీని పెంచి చూపించరు, 0.0135 అని పాఠం చెబుతారు. ఆయన మాటకు అందరూ తల ఊపుతున్నారు. నేను ఒక దుకాణం పేజీని ఊరు దాటించి పక్క రాష్ట్రాల దాకా తీసుకెళ్లాను. కొత్తవాళ్లు రాకుండా ఏ వ్యాపారమూ బతకదు. నాకు రీచ్ కావాలి, నా ఖాతాదారులకు రీచ్ కావాలి. అది తెచ్చే అంకె గురించే మాట్లాడుతున్నాను.

చేనేత పద్మ
అదిగో, అసలు సంగతి ఇప్పుడు చెప్పారు. మీకు కొత్తవాళ్లు కావాలి. నాకు అక్కర్లేదు. ఏడాదికి రెండుసార్లు కొనే మూడొందల మంది ఉన్నారు. హైదరాబాద్‌లో కొందరు, న్యూజెర్సీలో కొందరు. కొత్త సరుకు దిగిందని వాళ్లకు తెలిస్తే చాలు. ఏజెన్సీ వచ్చాక రీల్స్ ఎక్కడెక్కడికో వెళ్లాయి. నా మూడొందల మంది మాత్రం, ఈ మధ్య మీవి కనబడటం లేదమ్మా అని ఫోను చేశారు.

వసంత (వంటల పేజీ)
పద్మ గారూ, నేను అడగాలనుకుని సరిగ్గా అడగలేకపోయింది ఇదే. ఉలవచారు రీచ్ 9,000లో 7,200 మంది నా ఫాలోవర్లే. గోంగూర 60,000లో నా వాళ్లు 4,000 మంది. మొదటినుంచీ వ్యాఖ్యలు రాసే పెద్దవాళ్లు గోంగూర రీల్ దగ్గర కనిపించనే లేదు. అందరూ అభినందిస్తున్నారు గానీ నాకు ఏదో పోయినట్టు ఉంది.

కొలమానం
ఇప్పుడు లైకుల మాట మళ్లీ ఎత్తుకోవాలి. ఉలవచారుకు లైకులు నూటికి 7, గోంగూరకు 2. దీన్ని చూసి ఆసక్తి పడిపోయిందనుకోకండి. చేరిన మనుషులే మారిపోయారు. ఫాలోవర్లలో లైకు కొట్టేవారు చాలామంది వంటకు కాదు, మీకు కొడతారు. చూశానమ్మా అని చెప్పడం అది. పేరు తెలియనివాళ్లకు ఆ మొహమాటం ఉండదు. వాళ్లు కొలతలు చూసి, అక్కకో స్నేహితురాలికో పంపి వెళ్లిపోతారు. రీచ్ కొత్తవారి వైపు జరిగినప్పుడల్లా లైకుల శాతం పడిపోతుంది.

అందుకే లైకు చవక అన్న మాటను ఒప్పుకోను. మోసెరి చెప్పింది పద్మ గారి విషయంలో నేరుగా వర్తిస్తుంది. ఆవిడ మూడొందల మందికి చేరాలి, అక్కడ లైకుకు బరువు ఉంది. వాళ్లు స్పందించిన కొద్దీ హోమ్ ఫీడ్‌లో ఆవిడ ముందుకు వస్తారు. స్టోరీలయితే ఇంకా మేలు. ఎవరి స్టోరీలు ఎంత తరచుగా చూస్తారు, ఎంత దగ్గరివారు అన్నదాన్ని బట్టి వాటి వరుస తేలుతుంది. కొత్త చీర దిగితే స్టోరీలో పెట్టండి. కొత్తవారికోసం చేసే రీల్‌కు ట్రయల్ రీల్ అనే పద్ధతి 2024 డిసెంబరులో వచ్చింది. ముందు ఫాలోవర్లు కానివారికే చూపిస్తుంది.

శ్రీధర్ (డిజిటల్ ప్రచారం)
మీ మూడొందల మందిలో ఏటా కొందరు తగ్గుతారు పద్మ గారూ. వాళ్ల స్థానంలో ఎవరు వస్తారు? నేను అడిగేది అదొక్కటే. దానికి ఇక్కడ ఎవరూ జవాబు చెప్పలేదు.

చేనేత పద్మ
ఉన్నవాళ్ల అక్కచెల్లెళ్లు వస్తారు. ఇన్నాళ్లూ అలాగే వచ్చారు.

నెల్లూరు నిర్మల
మూడో రీల్ మీద శ్రీధర్ గారు ఇంకా జవాబు ఇవ్వలేదు.

శ్రీధర్ (డిజిటల్ ప్రచారం)
ఒక్క రీల్‌ను పట్టుకుని సూత్రాన్ని కొట్టేయలేరు. పెట్టిన వేళ బాగుండకపోవచ్చు, ఆ వారం పండుగ కావచ్చు. ఇరవై రీల్స్ చూపించండి, అప్పుడు మాట్లాడదాం.

కొలమానం
న్యాయమైన మాట. ఒక రీల్ రుజువు కాదు, గోంగూర రీల్ కూడా రుజువు కాదు. పైగా ఎక్కువమందికి చేరడం వల్ల షేర్‌లు వచ్చాయా, షేర్‌ల వల్ల ఎక్కువమందికి చేరిందా అన్నది చివరి అంకెల్లో తేలదు. అందుకే నేను మొత్తాలను కాకుండా రీచ్‌తో భాగించి చూశాను. అలా భాగించినా అనుమానం పూర్తిగా పోదు.

వసంత గారూ, మీరు చేయగలిగింది ఒకటుంది. టిఫిన్ల పట్టికనే మళ్లీ చేయండి, నిడివి అదే 15 సెకన్లు. ఒకే తెరమీద నెల మొత్తం కుక్కకుండా వారానికో తెర పెట్టండి, అది చదివే సమయం ఇవ్వండి. సేవ్‌లు తగ్గి, చూసే సమయం పెరిగి, రీచ్ కూడా పెరిగితే నా వాదనకు కొంత బలం. రీచ్ కదలకపోతే శ్రీధర్ గారి వాదన నిలబడుతుంది.

రవి_ఖమ్మం
ఒక సందేహం. రీల్ అయిపోగానే మళ్లీ మొదటినుంచీ తిరుగుతుంది కదా. ఆ రెండోసారి చూసిందీ ఆ 16 సెకన్లలో ఉందా?

కొలమానం
ఉంది. ఇన్‌స్టాగ్రామ్ వాచ్ టైమ్‌లో మళ్లీ చూసిన సమయమూ కలుస్తుంది. సగటు కట్టేటప్పుడు మాత్రం మొదటిసారి మొదలైన ప్లేలతోనే భాగిస్తారు. కాబట్టి 22లో 16 అంటే నూటికి 73 మంది చివరిదాకా చూశారని కాదు. కొలతలు రాసుకోవడానికి కొందరు రెండు మూడుసార్లు చూసి ఉంటారు, కొందరు రెండో సెకనులోనే వెళ్లి ఉంటారు.

శ్రీధర్ (డిజిటల్ ప్రచారం)
అయితే మీరు ఇంతసేపూ పట్టుకు వేలాడిన ఆ 16 కూడా నమ్మదగినది కాదన్నమాట.

కొలమానం
సగటు ఎప్పుడూ ఒక్కటే చాలదు. ఇన్‌సైట్స్‌లో ఏ సెకను దగ్గర ఎంతమంది మిగిలారో చూపించే గీత ఉంటుంది. వసంత గారూ, మూడో రీల్‌కు ఆ గీత ఎక్కడ కిందికి దిగిందో చెప్పగలరా?

వసంత (వంటల పేజీ)
ఇప్పుడే తెరిచాను. మూడో సెకను దగ్గరే సగానికి పైగా వెళ్లిపోయారు. పట్టిక పూర్తిగా తెరమీదికి వచ్చేది కూడా అక్కడే. గోంగూర గీత ఉప్పు, నూనె కొలతలు చెప్పే చోట పైకి లేచింది. వారానికో తెరతో ఆదివారం పెడతాను.

చేనేత పద్మ
వసంత గారూ, ఆ లెక్క వచ్చాక ఇక్కడే రాయండి. శ్రీధర్ గారూ, మీ దగ్గరికి వస్తే బిల్లులో సేవ్‌ల మొత్తం వద్దు. నా పాత కొనుగోలుదారుల్లో ఎంతమందికి చేరిందో రాసిస్తారా?

శ్రీధర్ (డిజిటల్ ప్రచారం)
ఫాలోవర్లు ఎంతమంది, కానివారు ఎంతమంది అన్న విభజన ఇవ్వగలను. వాళ్లలో మీ దగ్గర కొన్నవారు ఎవరో ఇన్‌సైట్స్ చెప్పదు, ఎవరూ ఇవ్వలేరు.